ప్లేట్‌లో తిండి పెట్టేది ఎవరు? సర్వీస్ పేర్ల చిక్కు, కవర్ వేసే లెక్క

హోటల్ మేనేజ్‌మెంట్ ప్రాక్టికల్ పరీక్ష. రెండో సంవత్సరం కుర్రాడు టేబుల్ వేశాడు. క్లాత్ మీద ముడత లేదు, గ్లాసుల మీద వేలిముద్ర లేదు. ఎగ్జామినర్ మేడమ్ చుట్టూ తిరిగి చూసి, "బాగానే వేశావు. రష్యన్ సర్వీస్ అంటే ఏంటో చెప్పు" అని అడిగారు.

"గెరిడాన్ మేడమ్. ట్రాలీ మీద గెస్ట్ పక్కనే తయారు చేసి ఇవ్వడం."

"మరి ఫ్రెంచ్ సర్వీస్?"

కుర్రాడు ఆగిపోయాడు. అతను చదివిన ఇంకో పుస్తకంలో గెరిడాన్‌నే ఫ్రెంచ్ సర్వీస్ అన్నారు. రెండూ ఒకటే అని చెప్పలేడు, వేరని చెప్పడానికి ఆధారం లేదు. మొహం ఎర్రబడింది, చేతిలోని సర్వీస్ క్లాత్ నలిగిపోయింది. టేబుల్ అంత శ్రద్ధగా వేసిన పిల్లవాడు వైవాలో మార్కులు పోగొట్టుకున్నాడు.

నేను చదువుకునే రోజుల్లో నాకూ ఇదే జరిగింది. నా జవాబు తప్పని అన్నారు. తర్వాత చూస్తే నేను చదివిన పుస్తకంలో అది ఒప్పే. తప్పు విద్యార్థిది కాదు, పేర్లలోనే చిక్కుంది. ఆ చిక్కు ఎక్కడ పడిందో తెలిస్తే విప్పడం కష్టం కాదు. పైగా అది విడిపోతే ఒక్కో గెస్ట్ ముందు పరిచే సామాను, అంటే కవర్‌లో ఏ ఫోర్క్ ఎక్కడ ఉండాలి, వడ్డనకు కావలసినవి ఉంచుకునే సైడ్‌బోర్డ్ మీద ఏం సర్దుకోవాలి అన్నవి కూడా దాని వెంటే వచ్చేస్తాయి. ఈ మూడింటినీ మూడు వేర్వేరు పాఠాలుగా బట్టీ పట్టడం వల్లే పిల్లలకు ఇంత టెన్షన్.

పేర్లు ఎలా తారుమారయ్యాయి

పాత ఫ్రాన్స్‌లో రాజుల, ప్రభువుల విందుల్లో వంటకాలన్నీ ఒకేసారి టేబుల్ మీదకు వచ్చేవి. ఒక విడతలో సూపులు, మాంసాలు, పక్క వంటలు అన్నీ అమర్చేవారు. అది తీసేశాక రెండో విడత అలాగే నిండుగా వచ్చేది. కూర్చున్నవాళ్లు చేతికి అందింది వడ్డించుకోవాలి. చూడ్డానికి కన్నులపండుగే. కానీ అతిథులు కూర్చునేసరికే సగం వంటకాలు చల్లారిపోయేవి, దూరంగా ఉన్నది తినాలంటే పక్కవాళ్లను అడగాల్సి వచ్చేది. ఇదీ అసలైన ఫ్రెంచ్ పద్ధతి.

1810 ప్రాంతంలో పారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న కురాకిన్ తన విందులో వంటకాలను ఒకదాని తర్వాత ఒకటిగా వడ్డింపజేశాడని చెబుతారు. మాంసం పక్కనే ముక్కలు కోసి, నౌకర్లు ఒక్కొక్కరి దగ్గరికి వేడివేడిగా తెచ్చేవారు. దానికి రష్యన్ పద్ధతి అని పేరొచ్చింది. 1860ల నాటికి ఉర్బేన్ దుబ్వా లాంటి పెద్ద షెఫ్‌లు దాన్ని ఫ్రాన్స్‌లో గట్టిగా ప్రచారం చేశారు. ఇప్పుడు మనం 'కోర్సు' అంటున్నది, సూప్ తర్వాత ఫిష్, ఫిష్ తర్వాత మెయిన్ అనే ఈ వరస, ఆ మార్పుతోనే స్థిరపడింది. వంటకాలన్నీ కళ్ల ముందు లేనప్పుడు ఏం రాబోతోందో తెలియాలి కదా, అందుకే మెనూ కార్డు కూడా అప్పుడే అవసరమైంది. కత్తులు, ఫోర్కులు వరసగా పేర్చడమూ అంతే. తినే వరస ముందే తెలిస్తేనే ఆ పేర్పుకు అర్థం. ఈ మాట గుర్తుంచుకోండి, కవర్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఆ తర్వాత ఒక్కో దేశంలో హోటళ్లు ఈ పద్ధతుల్ని తమకు కుదిరినట్టు మార్చుకున్నాయి. కానీ పేర్లు మాత్రం పాతవే వాడారు. అక్కడే చిక్కు పడింది.

బ్రిటిష్ పాఠ్యపుస్తకాల్లో వెయిటర్ డిష్ పట్టుకొచ్చి, స్పూన్-ఫోర్క్‌తో గెస్ట్ ప్లేట్‌లో వడ్డిస్తే అది ఇంగ్లిష్ సర్వీస్, దానికే సిల్వర్ సర్వీస్ అని ఇంకో పేరు. వెయిటర్ డిష్ పట్టుకుని నిలబడితే గెస్ట్ తనంతట తాను వడ్డించుకోవడం ఫ్రెంచ్ లేదా బట్లర్ సర్వీస్. రష్యన్ అంటే టేబుల్ మీద వంటకాలు పెట్టేసి గెస్టులనే వడ్డించుకోమనడం అని రాసి, ఆ పేరును గెరిడాన్‌కీ బట్లర్ సర్వీస్‌కీ కూడా వాడతారని పక్కనే చెబుతారు. చూశారా, పాత ఫ్రాన్స్ పద్ధతికి ఇక్కడ రష్యన్ పేరు తగిలింది!

అమెరికన్ పుస్తకాల్లో ఇంకోలా ఉంటుంది. అక్కడ వెయిటర్ ప్లాటర్ నుంచి స్పూన్-ఫోర్క్‌తో వడ్డిస్తే రష్యన్. ట్రాలీ మీద గెస్ట్ పక్కన తయారుచేసి ఇస్తే ఫ్రెంచ్. ఇంటి యజమాని స్థానంలో ఉన్న హోస్ట్ కోసి, పంచి ఇస్తే ఇంగ్లిష్. మన దగ్గర క్లాస్ నోట్సుల్లో ఇంగ్లిష్ సర్వీస్‌కి ఈ హోస్ట్ అర్థమే ఎక్కువగా కనిపిస్తుంది. అదే నోట్సులో రెండు పేజీల తర్వాత సిల్వర్ సర్వీస్ గురించి రాసేటప్పుడు బ్రిటిష్ అర్థం వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి ఒకే పని, వెయిటర్ స్పూన్-ఫోర్క్‌తో వడ్డించడం, ఒక పుస్తకంలో ఇంగ్లిష్, ఇంకో పుస్తకంలో రష్యన్. పరీక్షకు వెళ్లే విద్యార్థి ఏది నమ్మాలి?

నేను పేరు పక్కన పెట్టి ఒకే ప్రశ్న వేసుకోమంటాను. గెస్ట్ ప్లేట్‌లో తిండి పెట్టేది ఎవరు, ఎక్కడ? కిచెన్‌లోనే కుక్ పెట్టేస్తే అది ప్లేటెడ్ సర్వీస్, అమెరికన్ అంటాం. టేబుల్ దగ్గర వెయిటర్ పెడితే సిల్వర్. గెస్ట్ పక్కన ట్రాలీ మీద ప్లేట్ నింపి ఇస్తే గెరిడాన్. వెయిటర్ పట్టుకున్న డిష్‌లోంచి గెస్టే తీసుకుంటే బట్లర్. టేబుల్ మీదున్న గిన్నెల్లోంచి అందరూ తీసుకుంటే ఫ్యామిలీ. గెస్టే లేచి వెళ్లి పెట్టుకుంటే బఫే. ఇందులో ఏ పుస్తకానికీ తేడా లేదు, ఎందుకంటే చెప్పేది పనిని, దేశాన్ని కాదు.

మన బంతి భోజనాన్నే చూడండి. విస్తరి వేసి, కొస ఎడమవైపు ఉండేలా పరిచి, వడ్డించేవాళ్లు గిన్నెలు పట్టుకుని వరసగా వస్తారు. పప్పు గరిటెతో విస్తట్లో పెట్టేది వడ్డించే మనిషే, అదీ మనం కూర్చున్న చోటే. మన ప్రశ్న ప్రకారం అది సిల్వర్ సర్వీస్ కుటుంబంలోదే. స్పూన్-ఫోర్క్ బదులు గరిటె, అంతే తేడా. పెళ్లిలో వడ్డించిన పిల్లవాడికి సిల్వర్ సర్వీస్ సూత్రం చెప్పనక్కర్లేదు, చెయ్యి మాత్రం అలవాటు చేసుకుంటే చాలు.

వైవాలో అడిగితే ఎలా చెప్పాలి? ముందు పని చెప్పండి, తర్వాత పేరు, ఆ తర్వాత రెండో పేరు. "వెయిటర్ డిష్ నుంచి గెస్ట్ ప్లేట్‌లోకి స్పూన్-ఫోర్క్‌తో వడ్డిస్తే సిల్వర్ సర్వీస్ మేడమ్. బ్రిటిష్ పుస్తకాల్లో దీన్నే ఇంగ్లిష్ అంటారు, అమెరికన్ పుస్తకాల్లో రష్యన్ అంటారు." ఇలా చెప్పిన విద్యార్థిని తప్పుపట్టడం ఎవరికైనా కష్టం. రాత పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్న వస్తే మాత్రం మీ సిలబస్‌లో సూచించిన పుస్తకం ఏ అర్థం వాడిందో అదే వాడాలి.

ఎడమా, కుడా?

ఇదీ బట్టీ పట్టే విషయమే అనుకుంటారు. కాదు, చేతుల లెక్క.

సిల్వర్ సర్వీస్‌లో వెయిటర్ ఎడమ అరచేతి మీద మడిచిన సర్వీస్ క్లాత్, దాని మీద వేడి డిష్ ఉంటాయి. కుడిచేతిలో స్పూన్, ఫోర్క్. ఇప్పుడు గెస్ట్ ఎడమ పక్కకు వెళ్లి కొద్దిగా వంగితే, డిష్ అంచు ప్లేట్ అంచు మీదకు వస్తుంది. కుడిచెయ్యి ప్లేట్ మీద స్వేచ్ఛగా కదులుతుంది. అదే గెస్ట్ కుడి పక్కన నిలబడి చూడండి. డిష్ ప్లేట్‌కు దూరంగా పోతుంది, లేదా మీ కుడి మోచెయ్యి గెస్ట్ మొహం ముందుకు వస్తుంది. మధ్యలో గ్రేవీ క్లాత్ మీద పడుతుంది. అందుకే సిల్వర్ సర్వీస్, బట్లర్ సర్వీస్ ఎడమవైపు నుంచి. బట్లర్‌లో కూడా గెస్ట్ కుడిచేత్తో డిష్‌లోంచి తీసుకోవాలంటే డిష్ ఎడమ పక్కనుంచి వస్తేనే వీలు.

డ్రింక్స్ కుడివైపు నుంచి, ఎందుకంటే గ్లాసులు ఉన్నది కుడివైపు. ఎడమనుంచి పోస్తే గెస్ట్ ఛాతీ మీదుగా చెయ్యి చాపాలి. నిండిన ప్లేట్ పెట్టడం, ఖాళీ ప్లేట్ తీయడం మన ఇన్‌స్టిట్యూట్లలో కుడివైపు నుంచే నేర్పుతారు. ప్లేటెడ్ ఫుడ్‌ను ఎడమనుంచి పెట్టమని చెప్పే అమెరికన్ పుస్తకాలూ ఉన్నాయి కాబట్టి, పరీక్షలో మీ ఇన్‌స్టిట్యూట్ పద్ధతి పాటించండి. బ్రెడ్ పెట్టుకునే సైడ్ ప్లేట్ మాత్రం ఎడమనుంచే తీస్తారు, అది ఉన్నది అక్కడే గనక.

ఒక మెనూ, ఇద్దరు గెస్టులు

ఇక అసలు పని. ప్రాక్టికల్‌లో ఇలాంటి మెనూ ఇచ్చారనుకుందాం. క్రీమ్ ఆఫ్ టొమాటో సూప్, టార్టార్ సాస్‌తో గ్రిల్డ్ ఫిష్, రోస్ట్ ఆలూ-బీన్స్‌తో రోస్ట్ చికెన్, క్యారమెల్ కస్టర్డ్, కాఫీ. ఇద్దరికి టేబుల్ డోట్, అంటే మెనూ ముందే ఖాయమైన భోజనానికి కవర్ వేయాలి, సర్వీస్ సిల్వర్.

ముందు గది చూడాలి. లైట్లు, ఏసీ, కార్పెట్, కుర్చీలు, ఊగుతున్న టేబుల్, మెనూ కార్డుల మీద మరకలు. ఈ వాతావరణ సిద్ధతను మీజాన్‌సెన్ అంటారు. సామాన్లు, సైడ్‌బోర్డ్, టేబుల్ సిద్ధం చేయడం మీజాన్‌ప్లాస్. రెండింటికీ తేడా రాయమనే ప్రశ్న తరచూ వస్తుంది. మొదటిది గదిది, రెండోది పనిది అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. ఊగే టేబుల్‌కు కాలి కింద సన్నటి కార్క్ ముక్క ముందే పెట్టాలి. క్లాత్ వేశాక పెట్టబోతే అంతా మళ్లీ సర్దాలి.

ఇద్దరు కూర్చునే చదరపు టేబుల్ మామూలుగా 30 అంగుళాలు. దానికి క్లాత్ 54 అంగుళాల చదరం. 54లోంచి 30 తీసేస్తే 24, రెండు పక్కలకూ పంచితే 12. అంటే ప్రతి పక్కా 12 అంగుళాలు కిందకు వేలాడుతుంది. టేబుల్ ఎత్తు 30 అంగుళాలు, కుర్చీ సీటు ఎత్తు 18. 30లోంచి 12 పోతే 18. క్లాత్ అంచు సరిగ్గా కుర్చీ సీటు దగ్గర ఆగుతుంది! ఇంకా పొడవైతే కూర్చున్నవాళ్ల ఒళ్లోకి వచ్చి కాళ్లకు తగులుతుంది, పొట్టిదైతే టేబుల్ కాళ్లు బయటపడతాయి. 9 నుంచి 12 అంగుళాలు అని పుస్తకంలో రాసింది ఊరికే కాదు. క్లాత్ కింద మోల్టన్ అనే మందపాటి గుడ్డ ఉంటుంది. ప్లేట్ పెట్టినప్పుడు చప్పుడు కాకుండా, క్లాత్ జారకుండా చూసేది అదే. క్లాత్ మధ్య మడత టేబుల్ మధ్యలో నిటారుగా పడిందా, నాలుగు మూలలూ నాలుగు కాళ్లను కప్పాయా అన్నది ఎగ్జామినర్ మొదట చూస్తారు.

ఇప్పుడు కవర్. కవర్ అంటే ఒక్కరికి కావలసిన చోటు, ఆ చోటులోని సామాను కూడా. దాని వెడల్పు 24 అంగుళాలు, లోతు 15 అంగుళాలు అని నేర్పుతారు. ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటే 15, 15 కలిపి 30. మన టేబుల్ లోతు సరిపోయింది. వెడల్పు చూద్దాం. మధ్యలో ప్లేట్‌కు 10 అంగుళాలు, సైడ్ ప్లేట్‌కు 6, ఇరువైపులా 5 కట్లరీలకు ఒక్కోదానికి అంగుళం. మొత్తం 21. మధ్య ఖాళీలు కలిపితే 24. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకున్నవాళ్లు టేబుల్ మీద సామాను ఇరికించరు.

కట్లరీ వేసేటప్పుడు చాలామంది చేసే తప్పు సూప్ స్పూన్‌తో మొదలుపెట్టడం. మొదట తినేది సూపే కదా అని దాన్ని ప్లేట్ పక్కనే పెట్టేస్తారు. తర్వాత ఫిష్ నైఫ్, ఆ పక్కన మెయిన్ కోర్సు మాంసానికి వాడే జాయింట్ నైఫ్. మొత్తం వరస తిరగబడుతుంది. గెస్ట్ బయటి నుంచి లోపలికి వాడతాడు కాబట్టి, వేసే మనిషి లోపలి నుంచి బయటికి రావాలి. అంటే మెనూను వెనక నుంచి చదవాలి. మెయిన్ కోర్సు చికెన్, కాబట్టి ప్లేట్‌కు కుడి పక్కన జాయింట్ నైఫ్, ఎడమ పక్కన జాయింట్ ఫోర్క్. దానికి ముందు ఫిష్, కాబట్టి వాటి బయట ఫిష్ నైఫ్, ఫిష్ ఫోర్క్. అంతకు ముందు సూప్, కాబట్టి కుడి చివర సూప్ స్పూన్. కత్తుల పదును ఎడమవైపు, అంటే ప్లేట్ వైపు ఉండాలి. పిడుల చివర్లు టేబుల్ అంచు నుంచి అర అంగుళం లోపలికి, అన్నీ ఒకే గీతలో. ఫోర్కుల ఎడమ పక్కన సైడ్ ప్లేట్, దాని మీద సైడ్ నైఫ్. నీళ్ల గ్లాసు జాయింట్ నైఫ్ కొన దగ్గర. నాప్‌కిన్ మధ్యలో. డెజర్ట్ స్పూన్, ఫోర్క్ కవర్ పైభాగాన అడ్డంగా.

లెక్క చూసుకోండి. కుడివైపు 3, ఎడమవైపు 2, సైడ్ ప్లేట్ మీద 1, పైన 2. ఒక కవర్‌కు 8, ఇద్దరికి 16. సాల్వర్ అనే ట్రే మీద 16 కట్లరీ ఎత్తుకుని వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఏమైనా మిగిలితే ఎక్కడో మర్చిపోయారన్నమాట. కాఫీ కప్పులు ఇందులో లేవు. కాఫీ కోసం కప్పు, సాసర్, స్పూన్ ఆ కోర్సు వచ్చినప్పుడే వస్తాయి. మెనూలో కాఫీ ఉంది కదా అని ముందే పెట్టేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటారు.

వేశాక సరిచూసుకోవడానికి నేను చెప్పే పద్ధతి ఒక్కటే. కుర్చీలో కూర్చోండి. చేతులతో తింటున్నట్టు చేయండి. బయటి స్పూన్ తీయండి, సూప్. తర్వాతి జత తీయండి, ఫిష్. తర్వాతి జత, చికెన్. ఎక్కడైనా చేతికి వచ్చింది ఆ కోర్సుది కాకపోతే అక్కడ తప్పుంది. నిలబడి చూస్తే కనిపించనిది కూర్చుంటే అర నిమిషంలో తెలుస్తుంది.

ఇదే మెనూ ఆలాకార్ట్ అయితే ఇంత సామాను పెట్టకూడదు. టేబుల్ డోట్‌లో మెనూ ముందే ఖాయం, అందుకే కట్లరీ అంతా ముందే వేస్తాం. ఆలాకార్ట్‌లో గెస్ట్ ఏం తింటాడో ఆర్డర్ ఇచ్చేదాకా తెలియదు. ప్లేట్, ఒక నైఫ్-ఫోర్క్ జత, సైడ్ ప్లేట్, సైడ్ నైఫ్, గ్లాస్, నాప్‌కిన్ మాత్రమే ఉంటాయి. ఆ జత ఫిష్ నైఫ్-ఫోర్క్ అని పాత పుస్తకాలు చెబుతాయి, ఇప్పుడు చాలాచోట్ల పెద్ద నైఫ్-ఫోర్క్ వేస్తున్నారు. ఆర్డర్ వచ్చాక ప్రతి కోర్సుకు ముందు కావలసినవి సాల్వర్ మీద తెచ్చి వేస్తారు, అక్కర్లేనివి తీస్తారు. టేబుల్ డోట్‌లోనూ సర్దుబాటు ఉంటుంది. ఇద్దరిలో ఒకరు "నాకు ఫిష్ వద్దు" అన్నారనుకోండి. సూప్ రాకముందే ఆ కవర్‌లోంచి ఫిష్ నైఫ్, ఫోర్క్ తీసేయాలి. తీయకపోతే ఆ గెస్ట్ చికెన్‌ను ఫిష్ కట్లరీతో తినడం మొదలుపెడతారు.

సైడ్‌బోర్డ్ మీద ఏముండాలి

ఇక్కడే సర్వీస్ పద్ధతి మళ్లీ వచ్చి చేరుతుంది. కవర్‌లో ఏముండాలో మెనూ చెబుతుంది, సైడ్‌బోర్డ్ మీద ఏముండాలో చెప్పేది సర్వీస్ పద్ధతి.

మనది సిల్వర్ సర్వీస్. అంటే గెస్ట్ ముందు మొదట ఖాళీ ప్లేట్ పెడతాం, తర్వాత వడ్డిస్తాం. అందుకని సూప్ ప్లేట్లు 2, వాటి కింద పెట్టే అండర్‌ప్లేట్లు 2, ఫిష్ ప్లేట్లు 2, జాయింట్ ప్లేట్లు 2, స్వీట్ ప్లేట్లు 2 సిద్ధంగా ఉండాలి. సూప్, ఫిష్, జాయింట్ ప్లేట్లు వేడిగా ఉండాలి. చల్లటి ప్లేట్‌లో వేడి చికెన్ వడ్డిస్తే, ఆలూ, బీన్స్, గ్రేవీ పూర్తయ్యేలోపు చికెన్ చల్లారిపోతుంది. కస్టర్డ్‌కు ప్లేట్ వేడిగా ఉండకూడదు.

సర్వీస్ స్పూన్-ఫోర్క్ జతలు ఎన్ని? ఫిష్‌కు ఒకటి, చికెన్‌కు ఒకటి, ఆలూకు ఒకటి, బీన్స్‌కు ఒకటి. నాలుగు జతలు. సూప్‌కు గరిటె, సూప్‌లో వేసుకునే కరకరలాడే బ్రెడ్ ముక్కలు, అంటే క్రూటాన్స్‌కు ఒక చిన్న స్పూన్, టార్టార్ సాస్‌కూ గ్రేవీకీ వేర్వేరు స్పూన్లు. నాలుగు జతలెందుకు, ఒకటి చాలదా అని అడుగుతారు. ఫిష్ వడ్డించిన స్పూన్‌తో చికెన్ వడ్డిస్తే వాసన పడుతుంది. అంతకన్నా పెద్ద విషయం, మన దేశంలో అదే టేబుల్ దగ్గర శాకాహారి ఉండొచ్చు. చికెన్ తాకిన స్పూన్ బీన్స్ డిష్‌లో పడితే ఆ గెస్ట్ ఇక ఆ ప్లేట్ ముట్టరు. ముట్టకపోవడం న్యాయం కూడా. కిచెన్‌లో ఎంత జాగ్రత్తగా వేరుగా వండినా, హాల్లో ఒక్క స్పూన్ పాడు చేసేస్తుంది.

వీటితోపాటు మడిచిన సర్వీస్ క్లాత్‌లు, అదనపు నాప్‌కిన్‌లు, ఉప్పు-మిరియాల పొడి ఉండే క్రూట్ సెట్, బటర్, బ్రెడ్ బాస్కెట్, నీళ్ల జగ్, సాల్వర్, కింద పడితే మార్చడానికి ఒక్కో రకం కట్లరీ కొన్ని అదనంగా. కట్లరీని వేడినీళ్లలో కాస్త వెనిగర్ వేసి ముంచి, పొడి గుడ్డతో తుడుస్తారు. గ్లాసును వేడినీళ్ల ఆవిరి మీద పట్టి తుడుస్తారు. తుడిచాక కాడ దగ్గర తప్ప పట్టుకోకూడదు.

ఇప్పుడు అదే మెనూ, అదే ఇద్దరు గెస్టులు, కానీ పేపర్‌లో సిల్వర్ బదులు ప్లేటెడ్ అని ఉందనుకోండి. టేబుల్ మీద కవర్ అదే, ఒక్క స్పూన్ మారదు. సైడ్‌బోర్డ్ మీద మాత్రం నాలుగు జతలూ అక్కర్లేదు, వేడి ప్లేట్లు ఉండాల్సింది కిచెన్‌లో. గెరిడాన్ అని ఉంటే ట్రాలీ, దాని మీద స్పిరిట్ స్టవ్, కోసే కత్తి, బోర్డు కావాలి. ఎగ్జామినర్లు కావాలనే మెనూ మార్చకుండా సర్వీస్ మాత్రమే మార్చి ఇస్తుంటారు. కవర్ మొత్తం తీసి మళ్లీ వేయబోయే విద్యార్థికి విషయం అర్థం కాలేదని అక్కడే తెలిసిపోతుంది.

వడ్డించేటప్పుడు ముందు డిష్ చూపించాలి. తర్వాత చికెన్ గెస్ట్‌కు దగ్గరగా, ప్లేట్ కింది అంచు వైపు పెట్టాలి. ఆలూ, బీన్స్ అవతలి వైపు. దగ్గరున్న ముక్క కోసుకోవడానికి వీలుగా ఉండాలనే ఇలా. ప్లేట్ అంచు మీద గ్రేవీ చుక్క పడితే మార్కు పోతుంది, నిజంగా హోటల్‌లో అయితే గెస్ట్ చొక్కా పోతుంది.

మెయిన్ కోర్సు అయ్యాక ప్లేట్లు, సైడ్ ప్లేట్లు, క్రూట్ సెట్ తీసేస్తారు. క్లాత్ మీద రాలిన బ్రెడ్ పొడిని మడిచిన సర్వీస్ క్లాత్‌తో ప్లేట్‌లోకి తోస్తారు. అప్పుడు టేబుల్ మీద మిగిలేవి గ్లాసు, పైన అడ్డంగా ఉన్న డెజర్ట్ స్పూన్, ఫోర్క్. పరీక్షలో ఎక్కువమంది తడబడేది ఈ రెండింటి దగ్గరే. ఏది పైన, ఏది కింద, పిడి ఎటు? ఫోర్క్ కింద, అంటే ప్లేట్‌కు దగ్గరగా, పిడి ఎడమవైపు. స్పూన్ దాని పైన, పిడి కుడివైపు. కస్టర్డ్ వచ్చే ముందు వెయిటర్ గెస్ట్ ఎడమ పక్కకు వచ్చి ఫోర్క్ పిడి పట్టుకుని కిందికి జరుపుతాడు, అది ఎడమచేతి దగ్గరకు వస్తుంది. తర్వాత కుడి పక్కకు వచ్చి స్పూన్ పిడి పట్టుకుని జరుపుతాడు, అది కుడిచేతి దగ్గరకు వస్తుంది. ఫోర్క్ ఎడమచేతిది కాబట్టి దాని పిడి ఎడమవైపు, స్పూన్ కుడిచేతిది కాబట్టి దాని పిడి కుడివైపు.